ఒకే యంత్రం.. ఒక లెక్కలో లాభం, ఒక లెక్కలో నష్టం

అకౌంట్స్ పరీక్షలో తరచూ కనిపించే తరహా లెక్క ఇది. ఒక ప్రింటింగ్ ప్రెస్ 2020 జులై 1న రూ.1,80,000 పెట్టి ఒక యంత్రం కొంది. దాన్ని తెచ్చి బిగించడానికి ఇంకో రూ.20,000 ఖర్చయింది. 2021 అక్టోబరు 1న లక్ష రూపాయలతో రెండో యంత్రం కొంది. 2022 డిసెంబరు 31న మొదటి యంత్రాన్ని రూ.1,10,000కు అమ్మేసింది. తరుగుదల సంవత్సరానికి 20 శాతం. లెక్కల పుస్తకాలు ఏటా మార్చి 31న ముగిస్తారు. మూడేళ్లకు యంత్రం ఖాతా తయారుచేయాలి.

ఈ లెక్కను స్థిర వాయిదాల పద్ధతిలో చేస్తే మొదటి యంత్రం అమ్మకం మీద రూ.10,000 లాభం వస్తుంది. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో చేస్తే రూ.5,600 నష్టం వస్తుంది. యంత్రం అదే, తేదీలు అవే, చేతికొచ్చిన డబ్బూ అంతే. అయినా రెండు జవాబులూ సరైనవే. ఇంటర్ సీఈసీ, ఎంఈసీ పిల్లల దగ్గర్నుంచి సీఏ ఫౌండేషన్ రాసేవాళ్ల దాకా చాలామంది ఈ లెక్క చేస్తారు గానీ, ఈ తేడా ఎందుకొచ్చిందని అడిగితే ఆగిపోతారు. అది అర్థమైతే సూత్రాలు బట్టీపట్టాల్సిన పని సగానికి సగం తగ్గుతుంది.

ముందు ఒక అపోహ తీసేయాలి. తరుగుదల అంటే సంతలో ఆ వస్తువు ధర ఎంత పడిపోయిందో చెప్పే అంకె కాదు. షోరూమ్ నుంచి బండి బయటికి రాగానే దాని రేటు పడిపోతుందని అంటుంటాం, అది వేరే సంగతి. యంత్రం మీద పెట్టిన డబ్బును, అది పనిచేసే సంవత్సరాలన్నిటి మీదా ఖర్చుగా పంచి రాసుకోవడమే తరుగుదల. రెండు లక్షల యంత్రాన్ని కొన్న ఏడాదే మొత్తం ఖర్చు కింద రాసేస్తే ఆ ఏడు నష్టం, తర్వాతి ఏళ్లలో లేని లాభం కనిపిస్తాయి. అందుకే కొంచెం కొంచెంగా రాస్తారు. ఇంకా ఖర్చు కింద రాయకుండా మిగిలిన మొత్తమే పుస్తకపు విలువ. అది బజారు ధర కాదు. రెండింటికీ పొత్తు కుదరాలన్న నియమమూ లేదు. అమ్మకంలో లాభమో నష్టమో తేలేది సరిగ్గా ఆ పొత్తు కుదరకపోవడం వల్లే.

ఇక లెక్కలోకి వెళ్దాం. మొదటి యంత్రం ఖరీదు ఎంత? 1,80,000 కాదు, 2,00,000. వస్తువును పనిచేసే స్థితికి తేవడానికి అయిన రవాణా, బిగింపు ఖర్చులు దాని ఖరీదులోనే కలుస్తాయి. ప్రశ్నలో ఆ ఇరవై వేలు ఒక మూల చిన్నగా ఉంటాయి, తొందరలో కంటికి ఆనవు. ఇక్కడ తప్పితే కిందికి వచ్చే ప్రతి అంకే తప్పుతుంది.

స్థిర వాయిదాల పద్ధతినే స్ట్రెయిట్ లైన్ అంటారు. ఇందులో శాతం ఎప్పుడూ అసలు ఖరీదు మీదే కడతారు. రెండు లక్షల మీద 20 శాతం అంటే ఏడాదికి 40,000. అయితే మొదటి సంవత్సరంలో యంత్రం ఉన్నది జులై నుంచి మార్చి దాకా, అంటే తొమ్మిది నెలలే. కాబట్టి ఆ ఏడాది తరుగుదల 30,000. 2021 మార్చి 31 నాటికి పుస్తకపు విలువ 1,70,000. తర్వాతి సంవత్సరం పూర్తిగా 40,000 తీస్తే 1,30,000. మూడో సంవత్సరం ఏప్రిల్ నుంచి డిసెంబరు చివరి దాకా మళ్లీ తొమ్మిది నెలలు, అంటే 30,000. అమ్మిన రోజున పుస్తకపు విలువ సరిగ్గా లక్ష. లక్ష విలువున్న వస్తువుకు 1,10,000 వచ్చింది కాబట్టి 10,000 లాభం.

తగ్గుతున్న నిల్వల పద్ధతిలో శాతం మారదు, అది కట్టే మొత్తం మారుతుంది. ఏటా సంవత్సరం మొదట్లో ఉన్న పుస్తకపు విలువ మీద కడతారు. ఆడిటర్ల ఆఫీసుల్లో దీన్ని డబ్ల్యూడీవీ అనే పిలుస్తారు. మొదటి ఏడాది లెక్కలో తేడా ఏమీ ఉండదు, అదే 30,000, అదే 1,70,000. రెండో ఏడాది నుంచి దారులు చీలుతాయి. 1,70,000 మీద 20 శాతం 34,000, మిగిలేది 1,36,000. మూడో ఏడాది 1,36,000 మీద 20 శాతం 27,200, అందులో తొమ్మిది నెలల వాటా 20,400. అమ్మిన రోజున పుస్తకపు విలువ 1,15,600. వచ్చిందేమో 1,10,000. కాబట్టి 5,600 నష్టం.

ఇప్పుడు ఈ రెండు జవాబులను పక్కపక్కన పెట్టి చూడండి. స్ట్రెయిట్ లైన్‌లో మూడేళ్ల తరుగుదల మొత్తం లక్ష, అందులోంచి లాభం పదివేలు తీసేస్తే 90,000. రెండో పద్ధతిలో తరుగుదల మొత్తం 84,400, దానికి నష్టం 5,600 కలిపితే అదీ 90,000. కాకతాళీయమేమీ కాదు. రెండు లక్షలు పెట్టి కొన్న వస్తువును లక్షా పదివేలకు వదిలించుకున్నారు. జేబులోంచి పోయింది తొంభై వేలు. ఏ పద్ధతిలో రాసినా ఆ తొంభై వేలనే ఏళ్ల మీద పంచాలి. పద్ధతి మారితే ఏ ఏడాదికి ఎంత అన్నది మారుతుంది తప్ప మొత్తం మారదు. తక్కువ తరుగుదల రాసుకుంటూ వస్తే అమ్మిన రోజున ఆ తక్కువంతా నష్టం పేరుతో బయటపడుతుంది. ఎక్కువ రాసుకుంటూ వస్తే ఆ ఎక్కువంతా లాభం పేరుతో వెనక్కి వస్తుంది. అంటే అమ్మకం లాభనష్టాలు చాలావరకు ఇన్నేళ్లూ వేసిన అంచనాకు ఆఖరి రోజున చేసే సవరణే.

పరీక్ష హాల్లో దీన్ని జవాబు సరిచూసుకునే సాధనంగా వాడుకోవచ్చు. అమ్మిన వస్తువు మీద మొదటి నుంచీ రాసిన తరుగుదలంతా కూడి, నష్టమైతే కలిపి, లాభమైతే తీసేయండి. వచ్చిన అంకె కొన్న ఖరీదుకూ అమ్మిన ధరకూ ఉన్న తేడాతో సమానం కావాలి. కాకపోతే ఎక్కడో కూడికలోనో తీసివేతలోనో దెబ్బతిన్నట్టే. అర నిమిషం పని.

కాకపోతే ఈ సాధనానికి చిక్కని తప్పు ఒకటుంది, అది మార్కులు బాగా తినేస్తుంది. అమ్మిన ఏడాది తొమ్మిది నెలల తరుగుదల కట్టడం మరిచిపోవడం. డబ్ల్యూడీవీలో ఏప్రిల్ 1న ఉన్న 1,36,000 నుంచి నేరుగా 1,10,000 తీసేసి నష్టం 26,000 అని రాసేస్తారు. పై పరీక్ష పెట్టి చూడండి. 30,000, 34,000, 26,000 కలిపితే ఠంచనుగా 90,000 వస్తుంది. అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఎందుకంటే 26,000లో 20,400 తరుగుదల, 5,600 నష్టం కలిసిపోయి ఉన్నాయి. ఆ ఏడాది నికర లాభం కూడా మారదు. కానీ డిసెంబరు దాకా యంత్రాన్ని వాడుకున్నందుకు అయిన ఖర్చు వేరు, దాన్ని పుస్తకపు విలువ కన్నా తక్కువకు అమ్ముకున్న నష్టం వేరు. రెండిటినీ ఒకే మూటలో కడితే పేపరు దిద్దేవారు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. ఈ తప్పుకు మందు ఒకటే. అమ్మకం తేదీ కనబడగానే, మిగతా పనులకన్నా ముందు, సంవత్సరం మొదటి రోజు నుంచి ఆ తేదీ దాకా నెలలు లెక్కపెట్టి మార్జిన్‌లో రాసుకోవాలి.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం రావాలి. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో మొదటి ఏళ్లలో తరుగుదల ఎక్కువ, తర్వాత తక్కువ అని పాఠంలో చదువుకున్నాం కదా? మన లెక్కలో చూస్తే ఏ ఏడాదీ అది స్ట్రెయిట్ లైన్‌ని దాటలేదు. మొదటి ఏడు సమానం, ఆ తర్వాత అన్నీ తక్కువే. మరి పుస్తకం తప్పు చెప్పిందా?

చెప్పలేదు. మనం పోల్చిన తీరు వేరు. పరీక్షల్లో సౌకర్యం కోసం రెండు పద్ధతులకూ ఒకే శాతం ఇస్తారు. నిజానికి అది సమానమైన పోటీ కాదు. స్ట్రెయిట్ లైన్‌లో ఏటా 20 శాతం తీస్తే అయిదేళ్లకు రెండు లక్షలూ సున్నా అయిపోతుంది. తగ్గుతున్న నిల్వ మీద అదే 20 శాతం తీస్తే అయిదేళ్ల తర్వాత కూడా 65,536 మిగిలి ఉంటుంది. అంటే రెండో పద్ధతి చాలా నెమ్మదిగా పోతోంది. రెండూ ఒకే గమ్యానికి ఒకే కాలంలో చేరాలంటే డబ్ల్యూడీవీ శాతం బాగా పెరగాలి.

ఎంత పెరగాలో కంపెనీల చట్టం చూపిస్తుంది. 2013 నాటి ఆ చట్టం రెండో షెడ్యూలు ఒక్కో రకం ఆస్తికి ఎన్నేళ్ల ఆయుష్షు లెక్కించాలో చెబుతుంది. ఆఫీసు పరికరాలకు అయిదేళ్లు. చివర్లో మిగిలే విలువ మామూలుగా అసలు ఖరీదులో 5 శాతానికి మించకూడదు. రెండు లక్షల వస్తువైతే అయిదేళ్లకు పదివేలకు దిగాలన్నమాట. స్ట్రెయిట్ లైన్‌లో మిగతా 95 శాతాన్ని అయిదుతో భాగిస్తే ఏడాదికి 19 శాతం. తగ్గుతున్న నిల్వ మీద అదే చోటికి చేరడానికి కావలసిన శాతం 45.07. మిగులు విలువను ఖరీదుతో భాగించి, దానికి అయిదో మూలం కట్టి, ఒకటిలోంచి తీసేస్తే వచ్చే అంకె ఇది.

ఇప్పుడు పోల్చండి. మొదటి ఏడాది స్ట్రెయిట్ లైన్‌లో 38,000, డబ్ల్యూడీవీలో 90,140. రెండో ఏడాది అదే 38,000కు ఎదురుగా సుమారు 49,500. మూడో ఏడాదికి డబ్ల్యూడీవీ సుమారు 27,200కు దిగి స్ట్రెయిట్ లైన్ కన్నా కిందికి పోతుంది. పాఠ్యపుస్తకం చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. పైగా కొత్తలో యంత్రానికి మరమ్మతులు తక్కువ, పాతబడేకొద్దీ ఎక్కువ. తరుగుదల తగ్గుతూ, మరమ్మతుల ఖర్చు పెరుగుతూ ఉంటే రెండూ కలిసి ఏటా దాదాపు ఒకే భారంగా ఉంటాయి. ఈ పద్ధతిని సమర్థించేవారు ముందుగా చెప్పే కారణం అదే.

మిగులు విలువ దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. దీన్నే తుక్కు విలువ అనీ అంటారు. స్ట్రెయిట్ లైన్‌లో ఆయుష్షు ఇచ్చినప్పుడు ఖరీదులోంచి తుక్కు విలువ తీసేసి, మిగిలినదాన్ని సంవత్సరాలతో భాగిస్తాం. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో అలా తీయకూడదు. శాతంలోనే దాని లెక్క ఇమిడి ఉంటుంది కాబట్టి పూర్తి ఖరీదు మీదే మొదలుపెట్టాలి. ప్రశ్నలో తుక్కు విలువ కనబడగానే తీసేయడం అలవాటైనవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు.

మళ్లీ మన ప్రెస్ దగ్గరికి వద్దాం. మొదటి యంత్రం పోయింది, రెండోది ఉంది. అమ్మకం తర్వాత పుస్తకాల్లో ఉండాల్సిన విలువ ఎంత? లెక్క అసలు చిక్కు ఇక్కడే. ఖాతా పేరు ‘యంత్రం’ అని ఒక్కటే ఉంటుంది గానీ, దానిలో రెండు యంత్రాలున్నాయి. 2022 ఏప్రిల్ 1న డబ్ల్యూడీవీ ప్రకారం ఖాతాలో నిల్వ 2,26,000. అందులో మొదటి యంత్రానిది 1,36,000, రెండోదానిది 90,000. రెండోది లక్షకు కొన్నది, ఆరు నెలలకు పదివేలు తరుగుదల పోయింది. ఈ చీలిక ఖాతాలో ఎక్కడా కనబడదు, మనం పక్కన వేరుగా రాసుకోవాల్సిందే. ఆ మూడో సంవత్సరం ఖాతా ఇలా ఉంటుంది.

| డెబిట్ | రూ. | క్రెడిట్ | రూ. |
|---|---|---|---|
| ఏప్రిల్ 1, తెచ్చిన నిల్వ | 2,26,000 | డిసెంబరు 31, బ్యాంకు | 1,10,000 |
| | | డిసెంబరు 31, తరుగుదల | 20,400 |
| | | డిసెంబరు 31, అమ్మకం నష్టం | 5,600 |
| | | మార్చి 31, తరుగుదల | 18,000 |
| | | మార్చి 31, ముగింపు నిల్వ | 72,000 |
| మొత్తం | 2,26,000 | మొత్తం | 2,26,000 |

క్రెడిట్ వైపు మొదటి మూడు పద్దులు కూడితే 1,36,000. అంటే మొదటి యంత్రం పేరుతో ఖాతాలో ఉన్నదంతా పోయింది, ఒక్క రూపాయి మిగల్లేదు. అమ్మేసిన యంత్రం పుస్తకపు విలువ ఆ తర్వాత సున్నాయే. మిగిలిన 72,000 పూర్తిగా రెండో యంత్రానిది. 90,000 మీద 20 శాతం 18,000 తీసేస్తే వచ్చే మొత్తం. స్ట్రెయిట్ లైన్‌లో అయితే ప్రారంభ నిల్వ 2,20,000, ముగింపు నిల్వ 70,000 అవుతాయి. లాభం పదివేలు మాత్రం క్రెడిట్ వైపు కాకుండా డెబిట్ వైపు వస్తుంది. లాభం కదా అని క్రెడిట్‌లో రాసేవాళ్లు కొందరుంటారు. లాభనష్టాల ఖాతాలో అది క్రెడిటే, యంత్రం ఖాతాలో మాత్రం డెబిట్. చేతికొచ్చిన ధర పుస్తకపు విలువ కన్నా ఎక్కువ ఉంది కాబట్టి, ఆ ఎక్కువను ఇటువైపు కలిపితేనే ఖాతా సరితూగుతుంది.

ఒక్కో యంత్రానికి వేరుగా లెక్క కట్టడం శ్రమ అనిపించి కొందరు అడ్డదారి తొక్కుతారు. 2,26,000లోంచి అమ్మిన ధర 1,10,000 తీసేసి, మిగిలిన 1,16,000 మీద 20 శాతం కట్టేస్తారు. తరుగుదల 23,200, ముగింపు నిల్వ 92,800. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది, ఖాతా కూడా తూగుతుంది. కానీ లక్షకు కొని ఏడాదిన్నర వాడిన ఒక్క యంత్రమే చేతిలో ఉన్నప్పుడు దాని విలువ 92,800 ఎలా అవుతుంది? ఏడాది మొదట్లోనే అది 90,000 కదా! వాడుకున్న కొద్దీ విలువ పెరిగిందా? ముగింపు నిల్వను మిగిలిన యంత్రంతో పోల్చి చూసుకుంటే ఈ తప్పు ఇట్టే దొరుకుతుంది. మొదటి యంత్రం తాలూకు నష్టం, తరుగుదల ఖర్చులోకి పోకుండా లేని ఆస్తి రూపంలో ఖాతాలో దాక్కుంది.

తమాషా ఏమిటంటే, వ్యాపార లెక్కల పరీక్షలో సున్నా మార్కులు తెచ్చే ఈ అడ్డదారే ఆదాయపు పన్ను లెక్కలో రాజమార్గం. 1988-89 మదింపు సంవత్సరం నుంచి పన్ను కోసం ఆస్తులను విడివిడిగా చూడరు. ఒకే రకం, ఒకే శాతం ఉన్నవాటిని కలిపి బ్లాక్ అంటారు. కొత్తగా కొన్నది బ్లాక్‌లో కలుపుతారు, అమ్మగా వచ్చిన డబ్బు తీసేస్తారు, మిగిలినదాని మీద తరుగుదల కడతారు. అమ్మకం మీద లాభం, నష్టం అంటూ విడిగా ఏమీ తేల్చరు. నెలల లెక్క కూడా లేదు. కొన్న ఏడాది 180 రోజులకు తగ్గకుండా వాడకంలో ఉంటే పూర్తి తరుగుదల, తగ్గితే సగం. అందుకే మామూలు సంవత్సరంలో అక్టోబరు 3 దాటాక యంత్రం వాడకంలోకి వస్తే ఆ ఏడుకు సగమే దక్కుతుంది.

మన ప్రెస్‌నే చూడండి. మామూలు యంత్రాలకు పన్ను శాతం 15. మొదటి ఏడాది రెండు లక్షల మీద పూర్తి 30,000, మిగిలేది 1,70,000. రెండో ఏడాది లక్ష కలిసి 2,70,000. అక్టోబరు 1న కొన్న యంత్రం మార్చి 31 నాటికి 182 రోజులు పనిచేసింది కాబట్టి పూర్తి తరుగుదలే, 40,500. మిగిలేది 2,29,500. మూడో ఏడాది అమ్మిన 1,10,000 తీసేస్తే 1,19,500, దాని మీద 17,925 తరుగుదల, చివరికి 1,01,575. చేతిలో ఉన్న యంత్రం కొన్న ఖరీదు కన్నా ఎక్కువ! పన్ను చట్టానికి అదేమీ వింత కాదు. పాత యంత్రం మీద ఇంకా ఖర్చు రాయని మొత్తం బ్లాక్‌లోనే ఉండి ఏటా కొంచెం కొంచెం కరుగుతుంది. బ్లాక్‌లో ఆస్తులన్నీ అమ్ముడుపోయినా, వచ్చిన డబ్బు బ్లాక్ విలువను మించినా అప్పుడు మాత్రం మూలధన లాభనష్టాల లెక్క తేల్చాలి. బీకాంలో ఫైనాన్షియల్ అకౌంటింగ్, ఇన్‌కమ్ ట్యాక్స్ రెండూ చదివేవాళ్లు ఒక పేపరు పద్ధతిని ఇంకో పేపరులో పెట్టకుండా జాగ్రత్తపడాలి.

కొన్ని ప్రశ్నల్లో తరుగుదలను యంత్రం ఖాతాలోంచి నేరుగా తీయరు. ‘తరుగుదల ఏర్పాటు ఖాతా’ అని వేరుగా తెరిచి అందులో కూడబెడతారు. యంత్రం ఖాతా ఎప్పుడూ అసలు ఖరీదులోనే ఉంటుంది. మన లెక్కను ఇలా చేస్తే డబ్ల్యూడీవీ ప్రకారం 2022 ఏప్రిల్ 1న యంత్రం ఖాతా మూడు లక్షలు, ఏర్పాటు ఖాతా 74,000. అమ్మినప్పుడు మొదటి యంత్రం ఖరీదు రెండు లక్షలను ఒక అమ్మకపు ఖాతాకు మార్చాలి. దాని మీద ఇన్నాళ్లూ కూడిన తరుగుదల 84,400 కూడా అదే ఖాతాకు మార్చాలి. వచ్చిన 1,10,000 అక్కడ చేరితే నష్టం 5,600 తేలుతుంది. చివరికి యంత్రం ఖాతాలో లక్ష, ఏర్పాటు ఖాతాలో 28,000. తేడా అదే 72,000.

ఖరీదును మార్చి, కూడిన తరుగుదలను మార్చడం మరిచిపోయేవాళ్లు ఉంటారు. అప్పుడు ఏర్పాటు ఖాతాలో 74,000, 20,400, 18,000 అన్నీ కలిసి 1,12,400 నిలుస్తుంది. ఎదురుగా యంత్రం ఖరీదు లక్షే. పెట్టిన డబ్బుకన్నా ఎక్కువ తరుగుదల ఉండటం అసాధ్యం. ఆస్తి అప్పుల పట్టీలో యంత్రం పక్కన మైనస్ అంకె కనబడిందంటే వెతకాల్సిన చోటు ఇదే.

ప్రశ్నలో వాడే మాటలను బట్టి కూడా కొన్ని నిర్ణయాలు తీసుకోవాలి. ‘సంవత్సరానికి 20 శాతం’ అని ఉంటే నెలలు లెక్కించాలి. ‘సంవత్సరానికి’ అన్న మాట లేకుండా ఉత్తి 20 శాతమే ఉంటే, మధ్యలో కొన్నా పూర్తి ఏడాదికి కట్టే సంప్రదాయం ఒకటుంది. ‘అసలు ఖరీదు మీద’ అంటే స్ట్రెయిట్ లైన్, ‘తగ్గించిన విలువ మీద’ అంటే రెండోది. పుస్తకాలు మూసేది డిసెంబరు 31నా, మార్చి 31నా అన్నది ప్రశ్న మొదట్లోనో చివర్లోనో ఒకేసారి చెబుతారు. అది చూసుకోకపోతే నెలలన్నీ తారుమారవుతాయి. ఏదైనా స్పష్టంగా లేకపోతే మీరు ఎలా అనుకుని చేశారో జవాబు కింద ఒక వాక్యంలో రాయండి. దిద్దేవారికి మీ దారి తెలుస్తుంది.

మొత్తానికి తరుగుదల లెక్కలో మార్కులు పోయేది సూత్రం రాక కాదు, ఒక్కో యంత్రాన్ని వేరుగా చూడకపోవడం వల్ల. ఈసారి ఇలాంటి ప్రశ్న వస్తే ఖాతా గీసే ముందు యంత్రానికో నిలువు గడి చొప్పున చిత్తు పట్టిక వేసి, ఏ ఏడాది ఎంత పోయిందో, అమ్మిన రోజుకు ఎంత మిగిలిందో అందులో నింపుకోండి. ఆ పట్టికను కొట్టేయకుండా ‘వర్కింగ్ నోట్స్’ అని పేరు పెట్టి జవాబుతోపాటే ఉంచండి. వాటికీ మార్కులు ఉంటాయి.